ఒకటికి పది అంటే, దేనికి పది?

రెండు ట్రేల మిరప నారు మాడిపోయాక గానీ నాకీ ప్రశ్న రాలేదు. పశువుల కొట్టం గుంటలోంచి ఒక బకెట్ నిండా పేడనీళ్లు తెచ్చుకున్నాను. ఇచ్చినాయన "ఒకటికి పది నీళ్లు కలిపి పొయ్యి" అన్నాడు. అందులో కొట్టం కడిగిన నీళ్లు ముందే కలిసున్నాయి కదా, ఇంకా పది ఎందుకులే అని సగానికి సగం కలిపి పోసేశాను. మర్నాడు సాయంత్రానికి మొక్కలు తల వేలాడేశాయి. మట్టి చూస్తే తడిగానే ఉంది. నీళ్లు చాలలేదేమో అనుకుని మళ్లీ నీళ్లు పోశాను, అదో తెలివి. మూడో రోజుకి ఆకు అంచులు గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే కాగితంలా పెళపెళలాడాయి.

తప్పు నాదే. కానీ ఆ "ఒకటికి పది"లో ఉన్న తికమక నా ఒక్కడిది కాదు. పచ్చిపేడ కిలోకి పది లీటర్ల నీళ్లా, కలిపి పెట్టుకున్న ద్రావణం లీటరుకి పది లీటర్లా, ఎండిన పేడకా, మూత్రం కలిసిన గుంట నీళ్లకా? ఈ నాలుగింటికీ ఒకటే పది చెబితే ఒకచోట మొక్క మాడుతుంది, ఇంకోచోట దానికి అందేది ఉత్త నీళ్లే. మొక్కలకి పోసే అరటితొక్క నీళ్లదీ ఇదే కథ, మజ్జిగదీ ఇదే కథ. అసలు మొదట ఉన్నదెంతో చెప్పకుండా ఎన్ని రెట్లు పలుచన చేయాలో చెప్పడమంటే, జీతం ఎంతో అడక్కుండా అందులో పదో వంతు దాచుకోమని సలహా ఇచ్చినట్టే.

పేడతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ మూడింటిలో మొక్కకి ఆహారం అనదగ్గది నా దృష్టిలో అదొక్కటే. పచ్చిపేడలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే. నత్రజని కిలోకి మూడు నుంచి ఐదు గ్రాముల దాకా ఉంటుంది, భాస్వరం, పొటాష్ కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. ఆ నత్రజనిలో ఎక్కువ భాగం అరగని గడ్డి పీచులో, సూక్ష్మజీవుల శరీరాల్లో ఇరుక్కుని ఉంటుంది. అది మట్టిలో కుళ్లి నెమ్మదిగా బయటికి రావాలి. వెంటనే నీళ్లలో కరిగి వేరుకి అందేది కొంతే. అందుకే ఉత్త పచ్చిపేడ కిలోకి పది లీటర్లు కలిపిన నీళ్లు ఎదిగిన మొక్కని సాధారణంగా మాడ్చవు. మాడ్చేది మూత్రం. దాని నత్రజని ఎక్కువగా యూరియా రూపంలో ఉంటుంది, నిలవ ఉంచితే ఒకట్రెండు రోజుల్లోనే అమ్మోనియాగా మారడం మొదలవుతుంది. నేను తెచ్చిన గుంట నీళ్లలో పేడ కన్నా ఎక్కువ పని చేసింది అదే. లేత వేర్లకి ఆ అమ్మోనియా, దాంతోపాటు వచ్చే ఉప్పులు రెండూ దెబ్బే. వేరు చుట్టూ ఉప్పు ఎక్కువైతే మట్టిలో నీళ్లున్నా వేరు లాక్కోలేదు, అందుకే తడిమట్టిలో మొక్క వడలిపోతుంది. నారు వడలిపోతూ మట్టి తడిగా ఉంటే వెంటనే చేయాల్సింది మంచినీళ్లు ధారాళంగా పోసి, అడుగు రంధ్రాల్లోంచి కారిపోనివ్వడం. నేను పోసిన ఆ కాసిన్ని నీళ్లు దానికి సరిపోలేదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఒక కిలో పచ్చిపేడని తూకం వేసి పది లీటర్ల నీళ్లలో చేత్తో బాగా పిసికి కలుపుతాను (గ్లవ్స్ వేసుకునే). తూకం ఎందుకంటే, "ఒక ముద్ద" అన్నది ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా ఉంటుంది. ఎండిన పేడైతే కిలో వేయకూడదు, రెండు వందల గ్రాములు చాలు, ఎందుకంటే దాంట్లో నీరు పోయి మిగిలిందంతా సారమే. అయితే ఎండేటప్పుడు అమ్మోనియా రూపంలో ఉన్న నత్రజని గాల్లోకి పోతుంది కాబట్టి ఎండుపేడ నీళ్లు కాస్త నీరసంగానే ఉంటాయి. బకెట్‌ని నీడలో పెట్టి పాతగుడ్డ కట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో అడుగంటా కలుపుతాను. బిగుతు మూత పెట్టను. గాలాడకపోతే గుడ్డు కుళ్లిన కంపు వస్తుంది, సీసాలో పోసి బిరడా బిగిస్తే లోపల గ్యాస్ చేరి సీసా ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. మూడు నుంచి ఐదు రోజులు చాలు. ఆ తర్వాత పలుచని గుడ్డలో వడగడతాను, లేకపోతే పీచు మట్టిపైన అట్టలా కట్టి నీరు ఇంకకుండా చేస్తుంది.

వడగట్టాక ముందు వాసన చూస్తాను. పచ్చిగడ్డి, మట్టి కలిసిన వాసనైతే పర్లేదు. ముక్కులో సూదిలా గుచ్చుకుని కళ్లు చెమర్చేలా ఉంటే అది అమ్మోనియా, ఆ రోజు పోయను. అలా వచ్చిందంటే మూత్రం బాగా కలిసిందని లెక్క, దాన్ని ఇంకో పది రెట్లు పలుచన చేయాలి. గుంట నీళ్లు ఇచ్చినాయన చెప్పిన పది సరిగ్గా ఇదే. చిక్కటి గుంట నీళ్లకి ఆ పది అవసరం. నేనేమో ఆ పదిని కిలో పేడకి వేసుకునే పదిగా అనుకుని, అది కూడా ముందే అయిపోయిందని తీర్మానించేశాను.

ఉత్త పేడతో చేసిన నీళ్లనైతే ఎదిగిన వంగ, బెండ, సొర, బీర, గుమ్మడి లాంటివాటికి అలాగే పోస్తాను, కుండీకి లీటరు, వారానికోసారి, ముందు మామూలు నీళ్లతో మట్టి తడిపాక. పొడి మట్టిలో పోస్తే ఉప్పంతా నేరుగా వేరుకి తగులుతుంది. నాటి రెండు వారాలు కాని మొక్కకి మళ్లీ అంతే నీళ్లు కలుపుతాను. నారుకి, నాలుగు నిజమైన ఆకులు వచ్చేదాకా, అసలు పోయను. ఆ వయసులో దానికి కావాల్సింది వెలుతురు, నారుమట్టిలో ఉన్న కాస్త సారం.

రంగు చూసి కొలవమని చాలామంది చెబుతారు, పలుచని టీ డికాక్షన్ రంగు రావాలని. పనికొస్తుంది గానీ నమ్మదగ్గది కాదు, ఎందుకంటే రంగు వచ్చేది గడ్డి నుంచి, మాడ్చేది రంగులేని ఉప్పు. తాగేనీళ్లు పరీక్షించే టీడీఎస్ మీటర్ ఇంట్లో ఉంటే దాన్ని వాడండి. అది నీళ్లలో కరిగిన ఉప్పుల్ని విద్యుత్ ద్వారా అంచనా వేస్తుంది. ముందు మామూలు కుళాయి నీళ్లలో ముంచి అంకె రాసుకోవాలి, తర్వాత వడగట్టిన ద్రావణంలో. కుళాయి నీళ్లు 250 చూపించి ద్రావణం 900 చూపించిందంటే ఎదిగిన మొక్కకి అలాగే పోయొచ్చు. చిన్న మొక్కలకైతే మొత్తం 500 దాటకుండా చూసుకుంటాను. రెండువేలు చూపిస్తే ఎవరికీ పోయను. ఆ మాడిన నారుకి పోసిన నీళ్లలో మీటర్ ముంచి ఉంటే ఎంత చూపించేదో నాకు తెలీదు, అప్పటికి మీటర్ కొనలేదు. మీటర్ ఎంత ఉప్పో చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు. ఉప్పు వేసిన మజ్జిగని కూడా అది బ్రహ్మాండమైన ఎరువులాగే చూపిస్తుంది.

పేడనీళ్లు ఎవరికి వద్దో కూడా చెప్పాలి. ముల్లంగి, క్యారెట్‌కి నత్రజని ఎక్కువైతే పైన ఆకు గుబురుగా పెరిగి కింద గడ్డ సన్నగా మిగులుతుంది. చిక్కుడు, బీన్స్ జాతులు గాల్లో నత్రజనిని వేరు బుడిపెల ద్వారా తామే పట్టుకుంటాయి, పైనుంచి నత్రజని బాగా అందితే ఆ బుడిపెల పని తగ్గిస్తాయి, తీగ పెరుగుతుంది గానీ కాయ తగ్గుతుంది. కొత్తిమీర, పుదీనా, లెట్యూస్ లాంటి పచ్చిగా తినే ఆకులకి ఎట్టి పరిస్థితిలోనూ పోయను. ఐదు రోజులు నానినంత మాత్రాన పేడలోని ఈ.కోలై, సాల్మొనెల్లా చావవు. దీనికి వేడెక్కే కంపోస్టు కుప్ప కావాలి. అమెరికా సేంద్రియ నియమాల్లో పచ్చిపేడ వేశాక, మట్టికి తగిలే పంటైతే 120 రోజులు, తగలనిదైతే 90 రోజులు ఆగి కోయాలని ఉంది. నెలలో కోసేసే ఆకుకూరకి ఆ లెక్క ఎలా కుదురుతుంది? ఉడికించి తినే తోటకూర, బచ్చలి అయితే నేను ఆకుమీద పడకుండా మొదట్లో మాత్రమే పోస్తాను, అదీ మొక్క చిన్నగా ఉన్నప్పుడే.

ఇక అరటితొక్క. దీని మీద నాకున్న కోపం తొక్క మీద కాదు, దానిచుట్టూ జరిగే ప్రచారం మీద. ఒక ఏడాది నేను పది టమాటా కుండీలకి వారానికోసారి ఐదు తొక్కలు నానబెట్టిన నీళ్లు పంచి పోశాను, రెండు నెలలపాటు, వేరే ఏమీ వేయకుండా. పోషణ ఇస్తున్నానన్న ధీమా. కింది ఆకులు ముదురాకుల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే లేత పసుపు తిరిగాయి, ఈనెలతో సహా ఆకంతా ఒకే రంగు. అది నత్రజని లోపం లక్షణం. పాత ఆకులోంచి నత్రజని లాగేసి మొక్క కొత్త చిగురుకి పంపించుకుంటుంది. పొటాష్ లోపమైతే ముదురాకు అంచులు మాత్రమే మాడినట్టు అవుతాయి. అంటే తొక్కనీళ్లు పోస్తూ కూర్చున్న నేను మొక్కని ఆకలితో మాడ్చాను. మాడ్చడం నాకు బాగానే వచ్చు అని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. మామూలు అరటిపండు తొక్క సుమారు నలభై గ్రాములు. ఎండబెడితే నాలుగైదు గ్రాములు మిగులుతుంది. ఆ ఎండు సారంలో పొటాషియం ఆరేడు శాతం దాకా ఉంటుందనుకున్నా తొక్కకి దాదాపు 0.3 గ్రాము. ఇప్పుడు టమాటా వైపు చూద్దాం. వంద గ్రాముల టమాటాలో పొటాషియం దాదాపు 0.24 గ్రాము. మొక్క మూడు కిలోలు కాస్తే కాయలతోపాటు మనం కోసుకుపోయేది ఏడు గ్రాములు. ఆకు, కాండం లెక్క వేరే. తొక్కలోని పొటాషియం మొత్తం దిగిందనుకున్నా ఒక్క మొక్కకి ఇరవై మూడు తొక్కలు, సగమే దిగితే దాదాపు యాభై. ఐదు తొక్కల నీళ్లు ఒక్క కుండీకే వారంవారం పోస్తే పన్నెండు వారాల్లో అరవై తొక్కలు, అంటే ఆ మొక్క కాయలకి సరిపడా పొటాష్ నిజంగానే అందినట్టు. అవే ఐదు తొక్కలు పది కుండీలకి పంచితే అందులో పదో వంతు. అంటే నేను పోసినవి నీళ్లే, కాస్త రంగున్న నీళ్లు. నత్రజని అయితే తొక్కలో తక్కువే, ఉన్నది కూడా కణజాలంలో చిక్కుకుని ఉండి నీళ్లలోకి అంతగా దిగదు.

పొటాషియం మాత్రం దిగుతుంది, ఎందుకంటే అది దేనికీ అతుక్కోకుండా కణంలోని రసంలో కరిగి ఉంటుంది. కణం గోడ లోపలి పొర తెగితే చాలు, బయటికొచ్చేస్తుంది. అందుకని వారాలతరబడి నానబెట్టి, పురుగులు, చిన్న ఈగలు మూగేదాకా ఆగాల్సిన పనే లేదు. తొక్కల్ని వేలు మందం ముక్కలుగా కోసి ఒక గిన్నెలో వేసి, మరిగే నీళ్లు పోసి మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే చాలు. వేడికి పొర పాడై పొటాష్ నీళ్లలోకి దిగుతుంది, పొద్దునకి చల్లారుతుంది, వాసన రాదు. ఐదు తొక్కలకి లీటరు నీళ్లు నా కొలత. మీటర్ పెడితే వెయ్యి దాటి చూపించింది, అందుకని దానికి మూడు లీటర్లు కలిపి, వచ్చిన నాలుగు లీటర్లూ ఒకే మొక్కకి వారంలో రెండుమూడు సార్లుగా ఇస్తాను. పూత మొదలయ్యాక పిందె పడే దశలో టమాటా, మిరప, వంగ, దోస, గులాబీలకి పనికొస్తుంది. ఆకుకూరలకి ఎందుకూ పనికిరాదు, ఎదుగుదల దశలో ఉన్న మొక్కకి కూడా పెద్దగా పనిలేదు. ఇంట్లో వారానికి ఐదు తొక్కలే వస్తే బాగా కాస్తున్న ఒకటో రెండో మొక్కలు ఎంచుకోండి, పది కుండీలకి పంచొద్దు.

ఆ పసుపు తిరిగిన టమాటాలకి ఏమైందంటే, తొక్కలు ఆపేసి పేడనీళ్లు కుండీకి లీటరు చొప్పున వారానికి రెండుసార్లు పోశాను, పైన రెండు గుప్పెళ్ల కంపోస్టు వేశాను. పది రోజులకి కొత్త చిగుళ్లు ముదురు ఆకుపచ్చగా వచ్చాయి. పసుపెక్కిన పాత ఆకులు మళ్లీ పచ్చబడలేదు, రాలిపోయాయి. ఇలాంటప్పుడు కొత్త ఆకు చూడాలి, పాత ఆకు చూసి టెన్షన్ పడి మందు పెంచకూడదు.

మజ్జిగ దగ్గరికొస్తే నా వాదన ఇంకా సూటిగా ఉంటుంది: అది ఎరువు కాదు. మొదట్లో మొక్క మొదట్లోనే పోసేవాణ్ని. రెండు రోజులకి మట్టిపైన తెల్లటి బూజు, చీమల బారు, పుల్లని కంపు. అందులో మాంసకృత్తుల రూపంలో కొంత నత్రజని ఉంది, నిజమే, కానీ కుళ్లి బయటికి రావాల్సిందే. దాని పులుపు మట్టిలోని క్షారాన్ని తగ్గిస్తుందని కూడా అంటారు. లాక్టిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు కొన్ని రోజుల్లో తినేస్తాయి, సున్నం ఉన్న మట్టిలో అయితే ఆ కాస్త పులుపు లెక్కలోకే రాదు. ఇంకో మాట, టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంటే కాల్షియం కోసం మజ్జిగ చల్లమనడం. ఆకుమీద పడిన కాల్షియం కాయలోకి వెళ్లదు. కాల్షియం నీళ్లతోపాటు వేరు నుంచి పైకి మాత్రమే ప్రయాణిస్తుంది, ఆకులో చేరినది అక్కడే ఉండిపోతుంది. ఆ కుళ్లుకి ఎక్కువసార్లు కారణం ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచెత్తడం, మట్టిలో కాల్షియం ఉన్నా నీళ్లు సరిగా సాగక కాయ చివరికి అందకపోవడం. రోజూ ఒకేలా నీళ్లు పెడితే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి, చెడిన కాయ మాత్రం బాగుపడదు.

మజ్జిగ పని ఆకుమీద. సొర, దోస, గుమ్మడి, బెండ ఆకులమీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు వస్తాయి, బూడిద తెగులు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త 1999లో ప్రచురించిన పరిశోధనలో, గ్రీన్‌హౌస్‌లోని జుకినీ మీద పదో వంతు, అంతకన్నా ఎక్కువ గాఢతలో పాలు వారం వారం పిచికారీ చేస్తే ఈ తెగులు బాగా అదుపులోకి వచ్చింది. అది పాలతో చేసింది, మజ్జిగతో కాదు, కానీ నా తోటలో మజ్జిగ కూడా అలాగే పనిచేసింది. ఉప్పు వేయని, నీళ్లు కలపని, వెన్న తీసేసిన మజ్జిగ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. ఇక్కడ మళ్లీ అదే ప్రశ్న, ముందే మూడొంతులు నీళ్లున్న పలుచటి మజ్జిగకి ఇంకో తొమ్మిది కలిపితే ఏముంటుంది? గడ్డపెరుగు చిలికిన చిక్కదనంతో లెక్క మొదలుపెట్టాలి. వెన్న పూసలు నాజిల్లో అడ్డం పడతాయి కాబట్టి పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. పొద్దున ఎండ పడే వేళ ఆకు పైనా కిందా తడిసేలా కొట్టాలి, ఎందుకంటే పాల ఉత్పత్తుల మీద ఎండ పడ్డప్పుడు పుట్టే చర్యలు కూడా ఈ తెగులుని దెబ్బతీస్తాయని ద్రాక్షమీద పరిశీలనలు చేసినవాళ్లు అభిప్రాయపడ్డారు. చిక్కగా కొడితే ఆకుమీద మరో బూజు పెరుగుతుంది, దుర్వాసన, నల్లమచ్చ. మొదటి రెండుమూడు మచ్చలప్పుడు మొదలుపెడితేనే ఫలితం, ఆకంతా తెల్లబడ్డాక ఆ ఆకులు తెంపేయడమే మేలు.

మిరప ఆకుముడతకి మజ్జిగ కొట్టమంటారు, దానికి పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే సాధారణంగా తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, వైరస్ కూడా కావచ్చు. ముందు ఆకు తిప్పి భూతద్దంతో చూడండి.

చివరికి బకెట్ అడుగున, వడగట్టిన గుడ్డలో, ఒక ముద్ద మిగులుతుంది. చాలామంది దాన్ని పారబోస్తారు. పేడలోని నత్రజనిలో చెప్పుకోదగ్గ భాగం ఆ ముద్దలోనే ఉండిపోతుందని గుర్తొస్తే మనసొప్పదు. నేను దాన్నీ, ఉడికి నల్లబడ్డ అరటితొక్కల్నీ కలిపి ఎండుటాకుల మధ్య పొరలుగా కంపోస్టు డబ్బాలో వేసేస్తాను. మిరప నారు మాడిన ఆ ట్రేల మట్టిని కూడా పలుమార్లు నీళ్లతో కడిగి, అందులోనే కలిపేశాను. మళ్లీ ఏడాది ఆ కంపోస్టులోనే మిరప వేశాను.